తుపాను ఒకటే, గడువులు మూడు

2014 అక్టోబరు 12, ఆదివారం. మధ్యాహ్నం వేళ హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. కరెంటు స్తంభాలు ఒరిగిపోయాయి, ఫోన్లు మూగబోయాయి, విమానాశ్రయం పైకప్పు దెబ్బతింది. ఊళ్లో షెడ్లు లేచిపోయిన వర్క్‌షాపుల వాళ్లకి ఆర్డర్ల సంగతి తర్వాత, ముందు మనుషులు క్షేమంగా ఉంటే చాలనిపించింది. సరుకు ఆలస్యమైంది. ఆ ఆలస్యానికి జరిమానా కట్టాలా వద్దా అన్న ప్రశ్న మాత్రం తుపాను వెలిశాక, బిల్లులు పాసయ్యే సమయానికి వచ్చింది. అప్పుడు అందరూ తెరిచి చూసేది ఒప్పందంలో ఫోర్స్ మెజూర్ అనే క్లాజు.

సంతకం పెట్టేటప్పుడు ఎవరూ చదవని క్లాజు ఇది. ధర మీద, చెల్లింపుల మీద, గ్యారంటీ మీద నెల రోజులు బేరాలాడిన వాళ్లు కూడా దీని దగ్గరికి వచ్చేసరికి ‘ఇది మామూలేలెండి’ అని పేజీ తిప్పేస్తారు. అయితే అన్ని ఒప్పందాల్లోనూ ఇది ఒకేలా ఉండదు. ఒక్కో సరఫరాదారు ఒప్పందంలో ఒక్కో రకంగా ఉంటుంది. విడివిడిగా చదివితే ప్రతిదీ సబబుగానే తోస్తుంది. పక్కపక్కన పెట్టి చూసినప్పుడే తేడాలు బయటపడతాయి. ఆ తేడాల మధ్య నలిగేది ఎవరో ఒక లెక్క వేసి చూద్దాం. తుపాను తేదీ నిజం, మిగతాదంతా ఊహ.

హైదరాబాద్ శివార్లలో ఎలక్ట్రికల్ ప్యానెళ్లు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీ ఉందనుకుందాం. ఒక ప్రభుత్వ సంస్థకి 80 లక్షల రూపాయల ప్యానెళ్లు నవంబరు 10కి అందించాలి. ప్యానెల్‌కి కావలసిన ఇనుప క్యాబినెట్లు విశాఖలోని ఒక ఫ్యాబ్రికేటర్ దగ్గర కొంటుంది. అవి అక్టోబరు 18కి రావాలి. లోపల బిగించే బ్రేకర్లు ఒక పెద్ద విదేశీ కంపెనీ డీలరు ఇస్తాడు. అంటే ఈ ఫ్యాక్టరీ యజమాని బీరువాలో మూడు కాగితాలున్నాయి. రెండు తను కొనేవాటికి, ఒకటి తను అమ్మేదానికి.

ఫ్యాబ్రికేటర్ ఒప్పందంలో క్లాజు ఉదారంగా ఉంది. తుపాను, వరద, భూకంపం, అల్లర్లు, సమ్మె, ‘ఇంకా తమ అదుపులో లేని ఏ ఇతర కారణమైనా’ అని రాసి ఉంది. సంఘటన జరిగిన 21 రోజుల్లోగా రాతపూర్వకంగా తెలిపితే చాలు. బ్రేకర్ల డీలరు ఇచ్చిన షరతులు అచ్చువేసిన కాగితం వెనక సన్నటి అక్షరాల్లో ఉన్నాయి. వాటిలో ముడిసరుకు కొరత, రవాణా అంతరాయం, తన పై సరఫరాదారు ఆలస్యం కూడా మినహాయింపులే. నోటీసు ‘వీలైనంత త్వరగా’ ఇస్తే సరిపోతుంది. ఇంకో సంగతి, అందులో ఎక్కడ చూసినా ‘అమ్మకందారు’ అనే ఉంది. రక్షణ అతనికే, కొన్నవాళ్లకి లేదు. మూడోది ప్రభుత్వ సంస్థతో ఫ్యాక్టరీ కుదుర్చుకున్న ఒప్పందం. సంఘటనల జాబితా పొట్టిగా ఉంది, చివర ‘ఇతర కారణాలు’ అన్న మాట లేదు. సీజనులో పడే వానలు లెక్కలోకి రావని విడిగా రాశారు. సంఘటన జరిగిన 7 రోజుల్లోగా ఆధారాలతో నోటీసు అందాలి, గడువు దాటితే ఏ మినహాయింపూ ఉండదు.

ఇప్పుడు క్యాలెండరు చూడండి. అక్టోబరు 12న తుపాను. విశాఖ ఫ్యాబ్రికేటర్ ఫోను కలవడం లేదు. హైదరాబాద్‌లో పర్చేజ్ గుమస్తా రెండు మూడు రోజులు ప్రయత్నించి, పాపం వాళ్ల బాధ వాళ్లదని ఊరుకున్నాడు. 18న రావలసిన క్యాబినెట్లు రాలేదు. ఫ్యాబ్రికేటర్ కాస్త తేరుకుని అక్టోబరు 28న ఉత్తరం రాశాడు. అది 16వ రోజు. అతని గడువు నవంబరు 2 దాకా ఉంది కాబట్టి అతను నిబంధన ప్రకారమే నడిచాడు, వేలెత్తి చూపడానికి లేదు. ఆ ఉత్తరం చేతికొచ్చాక మన ఫ్యాక్టరీ యజమాని దాన్ని జతచేసి ప్రభుత్వ సంస్థకి నోటీసు పంపాడు. అక్కడ గడువు అక్టోబరు 19తోనే ముగిసింది. తొమ్మిది రోజులు ఆలస్యం.

క్యాబినెట్లు నవంబరు 29న వచ్చాయి. ప్యానెళ్లు డిసెంబరు 22న బయల్దేరాయి. సరిగ్గా ఆరు వారాల జాప్యం. జాప్యానికి వారానికి అర శాతం చొప్పున, గరిష్ఠంగా 10 శాతం దాకా కోత పెట్టడం మన ప్రభుత్వ కొనుగోళ్లలో మామూలు. ఆరు వారాలకి 3 శాతం, అంటే 2 లక్షల 40 వేలు. ఆ డబ్బు ఫ్యాబ్రికేటర్ దగ్గర రాబట్టుకుందామంటే అతనికి మినహాయింపు ఉంది. ప్రభుత్వ సంస్థని క్షమించమందామంటే అక్కడ గడువు దాటిపోయింది. తుపాను విశాఖలో వచ్చింది, జరిమానా హైదరాబాద్‌లో పడింది.

ఇందులో ఎవరూ మోసం చేయలేదు. రెండు ఒప్పందాల్లో రోజుల సంఖ్య ఒకదానికొకటి సరిపోలేదు, అంతే. నా లెక్కలో ఇలాంటి క్లాజుల్ని పోల్చేటప్పుడు మొదట చూడాల్సింది ఇదే. మీకు సరుకిచ్చే వాళ్లు మీకు నోటీసు ఇవ్వాల్సిన గడువు, మీరు మీ కొనుగోలుదారుకి ఇవ్వాల్సిన గడువుకన్నా కచ్చితంగా తక్కువగా ఉండాలి. ఎక్కువైతే మధ్యలో ఉన్న మీరు మునుగుతారు.

రోజుల సంఖ్యతో పాటు ఆ రోజులు ఎప్పట్నుంచి మొదలవుతాయో కూడా చూడాలి. కొన్ని ఒప్పందాల్లో ‘సంఘటన జరిగిన తేదీ నుంచి’ అని ఉంటుంది. కొన్నింట్లో ‘తెలిసిన లేదా తెలిసి ఉండాల్సిన తేదీ నుంచి’ అని ఉంటుంది. పెద్ద నిర్మాణ ఒప్పందాల్లో వాడే ఫిడిక్ నమూనా రెండో పద్ధతిది. తెలిసిన లేదా తెలిసి ఉండాల్సిన రోజు నుంచి 14 రోజులిస్తుంది. పై ఉదాహరణలో యజమానికి ఈ పద్ధతి ఉంటే కాస్త వాదించుకునే వీలుండేది. అదీ కొంతవరకే. విశాఖలో తుపాను వచ్చిన సంగతి ఆ సాయంత్రమే టీవీలన్నీ చెప్పాయి. ఫ్యాబ్రికేటర్ ఉత్తరం వచ్చేదాకా నాకేం తెలియదంటే నమ్మేవాళ్లు తక్కువ.

మూడో సంగతి, నోటీసు ఆలస్యమైతే ఏమవుతుందన్నది. ఇక్కడ ఒప్పందాలు బాగా విడిపోతాయి. 2017 నాటి ఫిడిక్ నమూనాలోనూ, అంతర్జాతీయ వాణిజ్య మండలి 2020లో విడుదల చేసిన నమూనా క్లాజులోనూ ఆలస్యపు నోటీసుకి శిక్ష మధ్యస్థంగా ఉంటుంది. నోటీసు అందిన రోజు నుంచే మినహాయింపు మొదలవుతుంది, అంతకు ముందు రోజులు పోతాయి. మన కేంద్ర ఆర్థిక శాఖ 2017లో తెచ్చిన వస్తు కొనుగోళ్ల మాన్యువల్ కఠినంగా ఉంటుంది. సంఘటన జరిగిన వెంటనే నోటీసివ్వాలి, తర్వాతెప్పుడో వెనక్కి తిరిగి కోరడం కుదరదంటుంది. ఇక చాలా ప్రైవేటు ఒప్పందాలు నోటీసివ్వాలని చెప్పి ఊరుకుంటాయి. ఇవ్వకపోతే ఏమిటో చెప్పవు.

అలా చెప్పనప్పుడు ఏం జరుగుతుందో ఒక పాత ఇంగ్లండ్ కేసు చూపిస్తుంది. 1973లో మిసిసిపీ నదికి వరదలొచ్చాయి. ఆ జూన్‌లో అమెరికా సోయా ఎగుమతుల్ని ఆపేసింది. ఐరోపాకి సోయా పిండి పంపాల్సిన వ్యాపారులంతా ఒక్కసారిగా ఇరుక్కున్నారు. కేసులు కుప్పలుగా వచ్చాయి. బ్రెమర్ అనే సంస్థ కేసు 1978లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. ఆ ఒప్పందంలో నోటీసుకి సంబంధించి రెండు క్లాజులున్నాయి. ఒకదాంట్లో ‘ఆలస్యం లేకుండా’ తెలపాలని మాత్రమే ఉంది. రెండోదాంట్లో ఇన్ని రోజుల్లోగా అని స్పష్టమైన గడువులున్నాయి. మొదటిదాన్ని తప్పినంత మాత్రాన రక్షణ మొత్తం పోదన్నారు న్యాయమూర్తులు. తేదీలతో రాసిన రెండోదాన్ని మాత్రం కచ్చితంగా పాటించాల్సిందేనన్నారు. అందుకే ‘త్వరగా’ అన్న మాటకీ ‘7 రోజుల్లో’ అన్న మాటకీ మధ్య లక్షల తేడా ఉంటుంది. అమ్మేవాళ్లకి మొదటిది హాయి, కొనేవాళ్లకి రెండోది హాయి.

సంఘటనల జాబితా సంగతి చూద్దాం. లాయర్లు ఎక్కువగా గొడవపడేది దీని మీదే, నా దృష్టిలో అవసరమైన దానికన్నా కాస్త ఎక్కువే. జాబితా మూసి ఉందా, తెరిచి ఉందా అన్నది మొదటి ప్రశ్న. ‘ఇతర ఏ కారణమైనా’ అని తోక ఉంటే తెరిచి ఉన్నట్టు. అయితే ఆ తోకకి అనంతమైన అర్థం లేదు. ముందు రాసినవన్నీ ప్రకృతి వైపరీత్యాలే అయితే, తోకలో దూరేది కూడా ఆ జాతిదే అయి ఉండాలని కోర్టులు చదివే అవకాశం ఎక్కువ. తుపాను, వరద, పిడుగు అని రాసి చివర ‘ఇతర కారణాలు’ అంటే అందులోకి బ్యాంకు అప్పు దొరక్కపోవడం రాదు.

మన తీరప్రాంతానికి ప్రత్యేకంగా వర్తించేది ఒకటుంది. పైన చెప్పిన ప్రభుత్వ మాన్యువల్ ముందే ఊహించగల వానల్నీ, సీజనులో పడే వానల్నీ మినహాయింపులోంచి తీసేసింది. అక్టోబరు, నవంబరు నెలల్లో ఆంధ్రా తీరంలో వాన పడటం వింత కాదు. కాబట్టి ‘భారీ వర్షాల వల్ల’ అని నోటీసు రాస్తే అది తిరిగి వచ్చేస్తుంది. తుపాను పేరు, తీరం దాటిన తేదీ, వాతావరణ శాఖ బులెటిన్, మీ సరఫరాదారు ఉన్న ప్రాంతంలో కరెంటు ఎప్పుడు పోయి ఎప్పుడొచ్చిందో రాస్తే నిలబడుతుంది. నోటీసు రాసే గుమస్తాకి ఇది చెప్పి పెట్టాలి.

ధర పెరగడం సంగతి సుప్రీంకోర్టు తేల్చేసింది. 2010లో ఇండోనేషియా తన బొగ్గు ఎగుమతి ధరల్ని అంతర్జాతీయ ధరలకి ముడిపెట్టింది. చవక బొగ్గు మీద లెక్కవేసుకుని తక్కువ ధరకి కరెంటిస్తామన్న మన విద్యుత్ కంపెనీలు ఇది ఫోర్స్ మెజూర్ అన్నాయి. మన నెల్లూరు జిల్లా కృష్ణపట్నం దగ్గర తలపెట్టిన అల్ట్రా మెగా ప్రాజెక్టుకి కూడా ఇదే నిబంధన అడ్డుపడింది. గుజరాత్ ప్లాంట్ల విషయంలో ఎనర్జీ వాచ్‌డాగ్ కేసులో 2017 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. ఖరీదైనంత మాత్రాన ఒప్పందం నెరవేర్చడం అసాధ్యమైనట్టు కాదని సుప్రీంకోర్టు చెప్పింది. అదే తీర్పులో ఇంకో సంగతి కూడా తేలింది. ఒప్పందంలో ఫోర్స్ మెజూర్ క్లాజు ఉంటే 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 32వ సెక్షన్ కింద ఆ క్లాజు మాటలే ఆధారం. క్లాజు లేకపోతే 56వ సెక్షన్ దిక్కు. ఆ సెక్షన్ ఒప్పందాన్ని మొత్తంగా రద్దు చేస్తుంది. నాలుగు వారాల ఆలస్యాన్ని మన్నించమని అడిగేవాడికి అది పనికిరాదు.

క్లాజులో క్రియాపదాన్ని కూడా గమనించాలి. సంఘటన సరఫరాని ‘అడ్డుకుంటే’ అని ఉందా, ‘ఆటంకపరిస్తే లేదా ఆలస్యం చేస్తే’ అని ఉందా? అడ్డుకోవడం అంటే మరో దారి లేకపోవడం. మన ఉదాహరణలో ప్రభుత్వ సంస్థ ఒప్పందంలో ఈ మొదటి మాటే ఉందనుకోండి. నోటీసు సకాలంలో వెళ్లినా వాళ్లు ఇంకో ప్రశ్న వేస్తారు. ‘తుపాను మీ ఫ్యాక్టరీకి రాలేదు కదా, క్యాబినెట్లు హైదరాబాద్‌లో ఇంకొకరి దగ్గర కొనొచ్చు కదా?’ ఆ ప్రశ్నకి జవాబు క్లాజులోనే ఉండాలి. ‘సరఫరాదారుకి గానీ అతని ఉప సరఫరాదారుకి గానీ’ సంఘటన ఎదురైతే అన్న నాలుగు మాటలు పడితే సగం వాదన తీరిపోతుంది. మిగతా సగం, వేరే చోట కొనడానికి ప్రయత్నించినట్టు ఆధారాలు. నలుగురిని కొటేషన్ అడిగి, వాళ్లు చెప్పిన గడువుల్ని దాచిపెట్టుకోవాలి.

కరోనా కాలంలో ఇవన్నీ ఒకేసారి పరీక్షకి వచ్చాయి. 2020 ఫిబ్రవరి 19న ఆర్థిక శాఖ ఒక మెమో జారీచేసింది. కరోనా వల్ల చైనా నుంచి గానీ మరే దేశం నుంచి గానీ సరఫరా ఆగితే దాన్ని ప్రకృతి వైపరీత్యంగా లెక్కించి, పద్ధతి ప్రకారం ఈ క్లాజు వాడుకోవచ్చంది. చాలామంది అందులో మొదటి సగమే చదివారు. ‘పద్ధతి ప్రకారం’ అన్నది నోటీసు గురించి. తర్వాత మే 13న ఇంకో మెమోలో మూడు నుంచి ఆరు నెలల దాకా గడువు పొడిగించమని చెప్పింది కానీ, ఫిబ్రవరికి ముందే వెనకబడి ఉన్నవాళ్లకి అది వర్తించలేదు. అదే నెలాఖరున ఢిల్లీ హైకోర్టు హాలీబర్టన్, వేదాంత కేసులో అదే తీరున చెప్పింది. రాజస్థాన్ చమురు బావుల పని 2019 నుంచే ఆలస్యంగా నడుస్తోంది, 2020 మార్చి లాక్‌డౌన్ దాన్ని కప్పిపుచ్చలేదంది. అంతకు ముందు ఏప్రిల్‌లో బొంబాయి హైకోర్టు ముందుకు ఉక్కు దిగుమతిదారులు వెళ్లారు. లాక్‌డౌన్ కాబట్టి బ్యాంకు ద్వారా డబ్బు చెల్లించకుండా ఆపమన్నారు. ఒప్పందంలోని ఫోర్స్ మెజూర్ క్లాజు అమ్మిన కంపెనీకే వర్తిస్తుంది, మీకు కాదంది కోర్టు. ఇందాక బ్రేకర్ల డీలరు కాగితంలో ‘అమ్మకందారు’ అన్న మాట ఒక్కటే ఉందని ఎందుకన్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఇక పోల్చే పని ఎలా చేయాలి? ఒక ఎక్సెల్ షీటు చాలు, అయితే ముందు క్లాజుల్ని దొరకబుచ్చుకోవడమే కష్టం. కంప్యూటర్లో ‘ఫోర్స్ మెజూర్’ అని వెతికితే సగం దొరకవు. కొత్త ఫిడిక్‌లో దాని పేరు ‘అసాధారణ సంఘటనలు’ అని మారింది. కొన్ని పర్చేజ్ ఆర్డర్లలో డెలివరీ క్లాజు లోపలే ‘మన్నించదగిన జాప్యం’ అని దాక్కుంటుంది. కొన్నింట్లో అసలు ఒప్పందంలో ఉండదు, సరఫరాదారు ఆర్డరు ఒప్పుకుంటూ పంపిన కాగితం వెనక ఉంటుంది. మీ పర్చేజ్ ఆర్డరు వెనక ఒక రకం షరతులు, అతని కాగితం వెనక ఇంకో రకం షరతులు ఉంటే ఏది చెల్లుతుందన్నది ముందు తేల్చుకోవాలి.

దొరికాక ఒక్కో సరఫరాదారుకి ఒక్కో వరస. ఏ సంఘటనలు, జాబితా తెరిచి ఉందా, అడ్డుకోవాలా ఆలస్యమైనా చాలా, రక్షణ ఎవరికి, నోటీసు ఎన్ని రోజులు, ఏ తేదీ నుంచి, ఏ రూపంలో ఏ చిరునామాకి, ఆలస్యమైతే ఏమిటి. చివరి గడిలో ఎన్ని రోజులు సాగితే ఒప్పందం రద్దు చేసుకోవచ్చో రాయండి. ప్రభుత్వ మాన్యువల్ ప్రకారం అది 90 రోజులు, వాణిజ్య మండలి నమూనాలో 120, ఫిడిక్‌లో ఏకధాటిగా 84 లేదా విడివిడిగా కలిపి 140. క్లాజులోని అసలు మాటల్నే గడిలో దించండి. సొంత మాటల్లో కుదించి రాస్తే ‘అడ్డుకుంటే’, ‘ఆటంకపరిస్తే’ రెండూ ఒకేలా అయిపోయి పోలిక చెడిపోతుంది. షీటు అట్టడుగున మీ అమ్మకపు ఒప్పందానికి ఇంకో వరస వేసి దానికి రంగు పూయండి. పై వరసల్లోని ప్రతి గడినీ ఆ రంగు గడితో పోల్చడమే పని.

చిరునామా గడిని తేలిగ్గా తీసుకోవద్దు. రిజిస్టర్డ్ పోస్టులో రిజిస్టర్డ్ ఆఫీసుకి పంపాలని ఒప్పందంలో ఉంటే, మీ సరఫరాదారు వాట్సాప్‌లో పంపిన ‘సార్, ఇక్కడ అంతా పోయింది’ అన్న సందేశం, దానితో వచ్చిన ఫొటోలు సాక్ష్యంగా పనికొస్తాయేమో కానీ నోటీసుగా నిలుస్తాయని భరోసా లేదు. తుపాను వచ్చిన ఊళ్లో పోస్టాఫీసు ఎన్నాళ్లకి తెరుస్తారన్నది కూడా ఆలోచించాలి. ఈమెయిల్ చెల్లుతుందని ఒప్పందంలో రాయించుకోవడం ఇద్దరికీ మంచిది.

మన ఫ్యాక్టరీ యజమాని 2014 అక్టోబరు 13 సోమవారం ఉదయం ఏం చేసి ఉండాల్సిందో ఇప్పుడు చెప్పొచ్చు. ఫ్యాబ్రికేటర్ నుంచి కబురు కోసం ఆగకుండా, ప్రభుత్వ సంస్థకి ఒక పేజీ ఉత్తరం పంపాల్సింది. క్యాబినెట్ల సరఫరాదారు విశాఖలో ఉన్నాడు, నిన్న తుపాను తీరం దాటింది, అతనితో సంబంధాలు తెగిపోయాయి, మా డెలివరీ మీద ప్రభావం పడే అవకాశం ఉంది, ఎన్ని రోజులన్నది తెలియగానే మళ్లీ రాస్తాం, ఈ ఉత్తరాన్ని ఒప్పందంలోని ఫలానా క్లాజు కింద నోటీసుగా తీసుకోండి, అని. ఆలస్యం జరుగుతుందో లేదో తెలియకముందే నోటీసిస్తే పరువు పోతుందని చాలామంది జంకుతారు. క్యాబినెట్లు సమయానికి వచ్చేస్తే ఆ ఉత్తరం వల్ల పోయేదేమీ లేదు. రాకపోతే అది 2 లక్షల 40 వేల ఉత్తరం.

పాత ఒప్పందాల్ని తిరగరాయనక్కర్లేదు. సరఫరాదారుతో ఒక పేజీ సవరణ చాలు. సంఘటన జరిగిన 3 రోజుల్లోగా ఈమెయిల్‌లో తెలపాలి, ఆలస్యమైతే అందిన రోజు నుంచే మినహాయింపు అని అందులో రాయించండి. కొనుగోలుదారు దగ్గర అడగాల్సినవి రెండు, 7 రోజుల బదులు 14 రోజులు, ‘ఉప సరఫరాదారు’ అన్న మాట. టెండరు పనుల్లో ఆ రెండో సవరణ దొరకడం కష్టమే, ప్రీబిడ్ సమావేశంలోనే అడగాలి. దొరక్కపోతే మొదటిదైనా చేసుకోండి. సంఘటనల జాబితాలో ఒక మాట చేర్చమన్నా తీసేయమన్నా సరఫరాదారులు నెలల తరబడి బేరమాడతారు, రోజుల సంఖ్య తగ్గించమంటే పెద్దగా అభ్యంతరం చెప్పరు. ఈశాన్య రుతుపవనాలు రాకముందే, అక్టోబరులోపు, ఆ పేజీ మీద సంతకాలు పెట్టించుకోండి.